రా హబీబీ... చూడు హబీబీ!

సాయంత్రం ఏడు దాటాక వెస్ట్ మారేడ్‌పల్లిలో ఏ షవర్మా బండి దగ్గర నిలబడ్డా ఒక పిలుపు చెవిన పడుతుంది. "హబీబీ, స్పైసీనా, నార్మలా?" అడిగే కుర్రాడిది ఏ బిహారో, అస్సామో. చెప్పే కుర్రాడు పికెట్ నుంచో కార్ఖానా నుంచో బండి మీద వచ్చిన ఇంటర్ పిల్లాడు. ఇద్దరిలో ఎవరూ అరబ్బు దేశం మొహం చూసినవాళ్లు కాదు. వాకింగ్ ముగించుకుని మనవడి కోసం వచ్చి నిలబడ్డ రిటైర్డ్ రైల్వే ఉద్యోగికీ అదే మర్యాద: "హబీబీ సార్, మీకేం కట్టమంటారు?" ఆయన మొహం కాస్త ముడుచుకుంటుంది. ఆ మాటకు 'ప్రియతమా' అని అర్థమని ఎవరో ఎప్పుడో చెప్పి ఉంటారు.

నిఘంటువు ఆయన పక్షమే. హబీబ్ అంటే ఇష్టుడు, ప్రియమైనవాడు. చివర చేరిన 'ఈ' అంటే 'నా'. రెండూ కలిపితే 'నా ప్రియమైనవాడా'. కానీ కైరోలోనో, దుబాయ్‌లోనో వీధిలో ఆ మాట చేసే పని మన 'ప్రియతమా' చేసేది కాదు. ప్రియతమా అని మనం ప్రేమలేఖలో రాస్తాం, లేదా సినిమా పాటలో వింటాం. కూరగాయల బేరంలో ఎవరూ అనరు. తెలుగులో హబీబీ ఉద్యోగం చేస్తున్న మాటలు వేరే ఉన్నాయి. బాబూ, నాయనా, నాన్నా, అమ్మా, తల్లీ.

"రా బాబూ, తాజా వంకాయలు" అనే బండి ఆయనకు మనం కొడుకులం కాదు. "చూడు బాబూ" అని ట్రాఫిక్ కానిస్టేబుల్ అన్నప్పుడు ఆ బాబులో లాలన ఏమీ ఉండదు. "బాబ్బాబు, ఈ ఒక్కసారికి" అని బతిమాలేటప్పుడు అదే మాట కాళ్లు పట్టుకుంటుంది. ఒకే మాట ఆహ్వానం, హెచ్చరిక, వేడుకోలు. హబీబీని ఈ వరసలో పెట్టి చూస్తే చాలావరకు అర్థమైపోతుంది. పూర్తిగా కాదు. రెండు చోట్ల ఈ పోలిక తెగిపోతుంది. గల్ఫ్‌కు వెళ్లిన మనవాళ్లు ఇబ్బంది పడేదీ సరిగ్గా ఆ రెండు చోట్లే.

మాబు బంధువు

అరబీలో మాటలు ఎక్కువగా మూడు హల్లుల వేరు నుంచి పుడతాయి. హబీబీ వేరు 'హ-బ-బ'. ఇందులో 'హ' మన హ కాదు, గొంతు లోపలి నుంచి కాస్త రాపిడితో వచ్చే శబ్దం. అద్దం మీద ఆవిరి ఊదేటప్పుడు వచ్చే శబ్దాన్ని ఇంకాస్త లోతుకు దించితే దాని దగ్గరికి వస్తాం. ఆ వేరు నుంచే హుబ్ అంటే ప్రేమ, మహబూబ్ అంటే ప్రేమ పొందినవాడు. పారశీకం మీదుగా ఉర్దూకి వచ్చిన మొహబ్బత్ కూడా ఈ ఇంటిదే.

అందుకే ఈ మాట మనకు మొన్న వచ్చిందనుకోవడం సగమే నిజం. వేరు ఇక్కడ ఎప్పుడో దిగింది. మారేడ్‌పల్లికి కాస్త దూరంలోనే, సికింద్రాబాద్ నడిబొడ్డున మహబూబ్ కళాశాల ఉంది. 1862లో మొదలైన ఆ బడిలోనే 1893 ఫిబ్రవరిలో, చికాగో వెళ్లకముందు, వివేకానందుడు ప్రసంగించారు. దాని పేరులో ఉన్నది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. పాలమూరు మహబూబ్‌నగర్ అయిందీ, మానుకోట మహబూబాబాద్ అయిందీ ఆయన పేరు మీదే. 1911లో ఆయన పోయాక కూడా ఆయన పేరు తలుచుకుంటే పాము విషం దిగుతుందని జనం నమ్మేవారట.

రాయలసీమకు వెళ్తే మహబూబ్ బాషా కాస్తా 'మాబాషా' అవుతాడు, మహబూబ్ 'మాబు' అవుతాడు. నాదస్వరంలో 2020లో పద్మశ్రీ అందుకున్న దంపతులు షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీల పేరులోనూ ఉన్నది అదే. 'షోలే'లోని మెహబూబా పాట దగ్గర్నుంచి 2022లో 'కేజీఎఫ్ 2'లో వచ్చిన మెహబూబా దాకా సినిమా వాళ్లు వాడుకున్నదీ ఇదే వేరు. మెహబూబాను తెరమీద పాడుకోవడానికి మనకు ఏనాడూ అభ్యంతరం లేదు. దాని తోబుట్టువు హబీబీ బండి దగ్గర పలకరిస్తేనే ఉలికిపాటు.

ఒక్క బేరం, అయిదు హబీబీలు

దుబాయ్ దేరా బజారులో ఒక అత్తరు దుకాణం అనుకుందాం. కౌంటర్ వెనక ఒక సిరియా ఆయన. కొనడానికి వచ్చింది జగిత్యాల వైపు నుంచి వెళ్లిన మనవాడు. సీసా మీద చెప్పిన ధర 120 దిర్హాములు.

మొదటిది గుమ్మంలోనే పడుతుంది. "తఫద్దల్ హబీబీ!" దయచేయండి అని. మధ్యలో 'బీ' బాగా సాగుతుంది, చెయ్యి లోపలికి చూపిస్తుంది. ఇది అందరికీ ఉచితం. మన వెనకాల వచ్చే పాకిస్తానీకీ, ఫిలిప్పీన్స్ ఆయనకూ ఇంతే. దీన్ని మనసుకు తీసుకోవాల్సిన పని లేదు.

మనవాడు అరవైకి అడుగుతాడు. "లా హబీబీ, లా." కాదు. ఈ రెండో హబీబీ, 'లా'కు వేసిన మెత్త. ఉత్త 'లా' అంటే మొహం మీద తలుపు వేసినట్టుంటుంది. ఆ తర్వాత దేవుడి మీద ఒట్టు, 'రాస్ మాల్' కూడా రాదన్న మాట వస్తాయి. రాస్ మాల్ అంటే పెట్టుబడి. తెలుగులో "కాదమ్మా, నాకే పడలేదు" అంటామే, అచ్చం అదే. ఇక్కడిదాకా బేరం బతికే ఉంది.

మనవాడు ఇంకో నాలుగు సీసాలు వాసన చూసి మళ్లీ అరవై అయిదు దగ్గర ఆగుతాడు. అప్పుడు మూడోది: "షూఫ్ హబీబీ..." చూడు బాబూ. ఈసారి 'బీ' సాగదు, టక్కున తెగుతుంది. నవ్వు కళ్ల దగ్గర ఆగిపోతుంది. గడ్డం కొద్దిగా పైకి లేస్తుంది. అరబీ ఒక్క ముక్క రానివాడు కూడా గమనించగలిగిన గుర్తు ఇది. ఆ 'బీ' ఎంత పొడుగుంటే అంత ప్రసన్నత. అది కురచగా వచ్చిందంటే ధర పెంచాలి, లేదా బయటికి నడవాలి.

మనవాడు నడుస్తాడు. నాలుగోది వీపు వెనక నుంచి వస్తుంది. "తాల్ హబీబీ, తాల్! ఆఖిర్ కలామ్?" ఇటు రా, చివరి మాట ఎంత? ఎనభై అయిదు అంటాడు మనవాడు. ఒక నిట్టూర్పు, ఆపైన అయిదోది: "ఖలాస్ హబీబీ, అషానక్." సరేలే నాయనా, నీ కోసం. ఈ 'నీ కోసం'లో ఎంత నిజం ఉందో మన మోండా మార్కెట్లో "మీరు కాబట్టి ఇస్తున్నా" అనేదానిలోనూ అంతే ఉంది.

అమ్మేది ఈజిప్టు ఆయన అయితే హబీబీకి తోడు 'యా బాషా', 'యా రయ్యిస్' కూడా పడతాయి. అంటే కొనేవాడికి పాషా పట్టం, నాయకుడి హోదా. పాషా అనే పిలుపు పాతబస్తీకి కొత్తేం కాదు కాబట్టి మనవాళ్లు దానికి తొందరగానే అలవాటుపడతారు.

బిడ్డను 'అమ్మా' అనే తల్లులు

బజారు పక్కన పెట్టి ఇంట్లోకి వెళ్తే హబీబీ మొదటి అర్థానికి దగ్గరగా వస్తుంది. తల్లి కొడుకుని హబీబీ అంటుంది, కూతుర్ని హబీబ్తీ అంటుంది. భార్యాభర్తలు అంటారు, అన్నదమ్ములు అంటారు, తాత మనవణ్ని అంటాడు. మగవాడు మగ స్నేహితుణ్ని హబీబీ అని బుగ్గ మీద ముద్దు పెట్టుకోవడం అక్కడ పలకరింపే, దానికి ఇంకే అర్థమూ లేదు.

సిరియా, లెబనాన్, పాలస్తీనా, ఈజిప్టు ఇళ్లలో దీని పక్కనే ఇంకో పద్ధతి ఉంది. తెలుగువాళ్లకు అది వింటే నవ్వొస్తుంది, వెంటనే అర్థమూ అవుతుంది. తల్లి తన బిడ్డను 'మామా' అని పిలుస్తుంది. అక్కడ మామా అంటే అమ్మ. తండ్రి బిడ్డను 'బాబా' అంటాడు, అంటే నాన్న. బాబాయి తన అన్న కొడుకుని 'అమ్మో' అంటాడు. అది మన అమ్మో కాదు, అక్కడ బాబాయిని పిలిచే పిలుపే. 'అమ్మా భోంచేశావా' అని కూతుర్నీ, 'నాన్నా ఇటు రా' అని కొడుకునీ పిలిచే మనకు ఇందులో వింత లేదు. తేడా ఒక్కటే. మనం పిలుపును బిడ్డను బట్టి ఎంచుకుంటాం, కూతురు అమ్మ, కొడుకు నాన్న. వాళ్లు పిలిచేవాళ్లను బట్టి ఎంచుకుంటారు. తల్లి నోట కొడుకైనా కూతురైనా 'మామా'యే. ఇప్పుడు మన ఇళ్లలో ఆడపిల్లల్ని కూడా 'నాన్నా' అంటున్నారు కదా, ఆ లెక్కన మనమూ అటే జరుగుతున్నాం.

హబీబీని దుకాణాల వాళ్లు ఇంతగా అరగదీశాక దంపతులకు కొంచెం గట్టి మాటలు కావాలి. హయాతీ అంటే నా జీవితం, ఉమ్రీ అంటే నా ఆయుష్షు, రూహీ అంటే నా ప్రాణం, ఉయూనీ అంటే నా కళ్లు. సిరియా, లెబనాన్ అమ్మమ్మలు ముద్దొచ్చిన మనవణ్ని 'నన్ను నువ్వే పాతిపెట్టాలి' అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. వినగానే ఒళ్లు జలదరిస్తుంది. నీకన్నా ముందు నేను పోవాలి, నీ చావు నా కళ్ల పడకూడదు అని దాని భావం. "నా ఆయుష్షు కూడా పోసుకుని బతుకు నాయనా" అనే మన ముసలమ్మలు విన్నారంటే తలూపుతారు.

స్నేహితుల మధ్య హబీబీ ఒక్కోసారి ఒంటరిగానే పూర్తి వాక్యం. ఛార్జర్ అందిస్తే "హబీబీ!" అంటే థాంక్స్. చొక్కా బాగుందంటే "హబీబీ" అంటే నీ అభిమానం. ఫోన్ పెట్టేసే ముందు "యల్లా హబీబీ" అంటే ఇక ఉంటాను. కైరో ట్రాఫిక్‌లో ఎవడో అడ్డంగా దూరితే "యా హబీబీ!" అంటే మన "ఓరి నాయనో!" ఇందులోనూ నాయనే సాయం వచ్చాడు చూడండి.

పోలిక తెగే చోటు

మనకు 'అమ్మా' అనేది కవచం. ముక్కూమొహం తెలియని ఆడమనిషిని "అమ్మా, కాస్త జరుగుతారా" అంటే ఎవరూ తప్పుపట్టరు. పైగా ఆ పిలుపులోనే నా మనసులో వేరే ఉద్దేశం లేదన్న హామీ ఉంది. హబీబ్తీకి ఆ హామీ లేదు. తెలియని మగవాడు తెలియని స్త్రీని హబీబ్తీ అంటే అది వెకిలితనం కిందకి వస్తుంది. ఆమె పక్కన భర్తో అన్నో ఉంటే గొడవ కిందకీ వస్తుంది. మగ కస్టమర్లను రోజంతా హబీబీ అని నాలుక అలవాటుపడ్డ సేల్స్ కుర్రాడు ఆ ఊపులో తర్వాత వచ్చిన అరబ్బు మహిళను హబీబ్తీ అన్నాడంటే మేనేజర్ దగ్గర నిలబడాల్సిందే. మన మధ్య అక్కా, చెల్లీ అనే అలవాటునే అక్కడికి తీసుకెళ్తే ఏ చిక్కూ లేదు. ఉఖ్తీ అంటే నా సోదరి. పెద్దావిడ అయితే ఖాలా, అంటే పిన్ని. ఏదీ తోచకపోతే మేడమ్. అదే మాట ఆడవాళ్ల మధ్య అయితే ధారాళంగా నడుస్తుంది. బట్టల షాపులో అమ్మే అమ్మాయి కొనే అమ్మాయిని హబీబ్తీ అనకపోతేనే లోటు.

రెండోది హోదా. హబీబీ సమానుల మధ్య అటూ ఇటూ తిరుగుతుంది, పైనుంచి కిందికి జారుతుంది. కిందినుంచి పైకి ఎక్కడం కష్టం. యజమాని డ్రైవర్‌ను హబీబీ అనొచ్చు. డ్రైవర్ కొత్తలోనే యజమానిని అంటే కనుబొమ్మలు లేస్తాయి. లైసెన్స్ అడిగిన పోలీసు "హబీబీ, కారు పక్కకు తీయి" అన్నాడని మనం కూడా హబీబీ అంటూ జవాబివ్వకూడదు. మన కానిస్టేబుల్ 'చూడు బాబూ' అన్నాడని మనం ఆయన్ని బాబూ అంటామా?

అసలు కింది మెట్టు మీద ఉన్న మనవాళ్లకు గల్ఫ్‌లో ఎక్కువగా వినబడే పిలుపు హబీబీ కాదు. రఫీక్, సదీక్. రెండింటి అర్థమూ స్నేహితుడనే. కానీ అవి ముఖ్యంగా దక్షిణాసియా కూలీలను, దుకాణాల్లో పనివాళ్లను పిలిచే పేర్లయిపోయాయి. పేరు అడగాల్సిన పని లేకుండా పిలవడానికి పనికొచ్చే స్నేహం అది. సైట్లో పనిచేసే కరీంనగర్, నిజామాబాద్ మనుషులు తమలో తాము అన్నా, తమ్మీ అనుకుంటారు. పైవాణ్ని అర్బాబ్ అనో ముదీర్ అనో పిలుస్తారు. వాళ్లను సూపర్‌వైజర్ రఫీక్ అనడం మానేసి హబీబీ అన్న రోజు మెట్టు ఒకటి ఎక్కినట్టే లెక్క, జీతం ఎక్కకపోయినా.

ఇళ్లలో పనికి కువైట్ వెళ్లిన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ల సంగతి ఇంకో రకం. యజమానురాలు 'మామా', యజమాని 'బాబా'. ఇది బిడ్డల పిలుపు, పనివాళ్ల నోటికీ అదే అంటించారు. వయసులో తనకన్నా పదిహేనేళ్లు చిన్నదాన్ని కూడా మామా అనాలి. వాళ్ల నోటికి హబీబ్తీ వచ్చేది ఆ ఇంటి పిల్లల దగ్గరే. స్నానం చేయించి, అన్నం పెట్టి, నిద్రపుచ్చిన పిల్లను హబీబ్తీ అనడానికి ఏ హోదా అడ్డురాదు. ఆ ఇంట్లో ఆ మాటను దాని మొదటి అర్థంలో రోజుకు ఎక్కువసార్లు వాడేది ఆవిడే కావచ్చు. రెండేళ్లకోసారి సెలవుకు వచ్చినప్పుడు సొంత మనవరాల్ని కూడా ఒకటి రెండు రోజులు అలాగే పిలుస్తుంది.

బార్కస్ తేలేదు, విమానం తెచ్చింది

హైదరాబాద్‌లో అరబ్బులు ఉండగా ఈ మాట గల్ఫ్ నుంచి రావాల్సిన పనేముంది అని అనిపించవచ్చు. నిజాం సైన్యంలో పనికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి ఇప్పటికీ పాతబస్తీ దక్షిణాన బార్కస్‌లో ఉంది. 'బ్యారక్స్' మన నోట్లో నలిగి బార్కస్ అయింది. ఇక్కడ జమాదారుగా పనిచేసిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖువైతీ వంశం హద్రమౌత్ తీరంలో రాజ్యమే స్థాపించి 1967 దాకా ఏలింది. మర్ఫా వాయిద్యం, మండీ, ఇవి వాళ్లతో నగరానికి అందినవే.

అయినా హబీబీ మాత్రం వాళ్ల నుంచి ఊరి నోటికి ఎక్కలేదు. నా అంచనా ఏమిటంటే, దక్కనీకి అప్పటికే ఆ ఉద్యోగంలో మనుషులు నిండుగా ఉన్నారు. మియాఁ, భాయ్, ఉస్తాద్, పాషా, చిచా. "క్యా మియాఁ" అన్నదాంట్లో హబీబీ చేసే పనులన్నీ ఉన్నాయి, ఖాళీ లేదు. పైగా హద్రమౌత్ వాళ్లకు హబీబ్ అంటే మామూలు మాట కాదు. ప్రవక్త వంశీకులైన సయ్యద్‌లకు అది బిరుదు. తరీమ్ పట్టణంలో పండితుల పేరుకు ముందు 'హబీబ్' అని చేరుస్తారు, వాళ్ల చేతిని ముద్దుపెట్టుకుంటారు. అక్కడి నుంచి వలస వెళ్లినవాళ్ల వల్ల ఇండోనేషియాలో కూడా అదే వాడుక. ప్రవక్తకే హబీబుల్లా, అంటే దేవుడికి ఇష్టుడు, అన్న పేరుంది. ఇంత బరువు మోసే మాట చాయ్ దుకాణంలో చనువుగా దొర్లడానికి టైము పడుతుంది.

1973 తర్వాత చమురు ధరలు పెరిగి, గల్ఫ్‌లో పనులు పెరిగి, మనవాళ్లు వెళ్లి రావడం మొదలయ్యాక వచ్చింది ఈ బజారు హబీబీ. ఈజిప్టు గాయకుడు అమ్ర్ దియాబ్ 1996 పాట 'నూర్ అల్ ఐన్' దాన్ని క్యాసెట్ల మీద ఊరూరా తిప్పింది. 2022లో తమిళ 'బీస్ట్' సినిమా కోసం అనిరుధ్ కట్టిన 'అరబిక్ కుత్తు'లో అది హబీబో అయి, అరబీ కానిదీ తమిళం కానిదీ ఏదో అయి, తెలుగు పెళ్లి బరాత్‌లలో కూడా దుమ్ము లేపింది. తర్వాత దుబాయ్ రమ్మని హబీబీని పిలిచే రీల్స్ వచ్చాయి, మండీ హోటళ్ల బోర్డులు వచ్చాయి. బార్కస్ నుంచి మారేడ్‌పల్లికి సిటీ బస్సులో రావాల్సిన మాట దుబాయ్ తిరిగి వచ్చింది.

ఇప్పుడు మారేడ్‌పల్లి కాలేజీ ఆడపిల్లలు కూడా ఒకరినొకరు హబీబీ అనుకుంటున్నారు. అరబీ వచ్చినవాళ్లు విని, ఆడపిల్లను హబీబ్తీ అనాలి కదా, ఇది మగవాళ్ల పిలుపు కదా అని సరిదిద్దబోతారు. బజారు వ్యాకరణం ప్రకారం వాళ్ల మాట నిజం. కానీ అరబీ పాటల్లో ప్రియురాలిని కూడా హబీబీ అనే పాడతారు. స్త్రీని పురుష వాచకంతో సంబోధించడం అక్కడి కవిత్వంలో, పాటల్లో చాలా పాత సంప్రదాయం. మన పిల్లలకు ఈ మాట నేర్పినవి పాటలే.